పొడుగు ఎవరి పోలిక?

1937లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి కవలల మీద ఒక పుస్తకం వచ్చింది. రాసినవాళ్ళు ముగ్గురు: జీవశాస్త్రవేత్త న్యూమన్, మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రీమన్, లెక్కల పని చూసిన హోల్జింగర్. తెలివితేటలు పుట్టుకతో వస్తాయా, పెంపకంతో వస్తాయా అన్నది వాళ్ళ అసలు ప్రశ్న. ఆ గొడవ ఇంకా తెమలలేదు. పనిలో పనిగా వాళ్ళు కొలిచి పెట్టిన ఎత్తుల పట్టిక మాత్రం ఇన్నేళ్ళైనా చెక్కుచెదరలేదు.

ఆ పట్టికలో నాలుగు రకాల జంటలున్నాయి. మొదటి రకం, ఒకే అండం రెండుగా చీలి పుట్టిన కవలలు. అచ్చుగుద్దినట్టు ఉంటారంటామే, వాళ్ళు. వీళ్ళలో ఇద్దరి మధ్య ఎత్తు తేడా సగటున 1.7 సెంటీమీటర్లు. రెండో రకం, ఒకే కాన్పులో రెండు వేరే అండాల నుంచి పుట్టినవాళ్ళు. ఇద్దరూ మగపిల్లలో ఇద్దరూ ఆడపిల్లలో అయిన జంటలనే తీసుకున్నారు. తేడా 4.4 సెంటీమీటర్లు. మూడో రకం మామూలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. వాళ్ళలో 4.5. నాలుగో రకం కోసం బాగా గాలించాల్సి వచ్చింది. ఒకే అండం నుంచి పుట్టి, చిన్నప్పుడే విడిపోయి, వేర్వేరు ఇళ్ళలో పెరిగిన జంటలు వాళ్ళకు 19 దొరికాయి. వాళ్ళలో తేడా 1.8 సెంటీమీటర్లు.

అంటే ఇల్లు మారినా, వంట మారినా, పెంచిన తల్లి మారినా ఎత్తులో పెరిగిన తేడా ఒక మిల్లీమీటరు. బరువు సంగతి అలా లేదు. కలిసి పెరిగిన ఒకే అండపు కవలల మధ్య బరువు తేడా రెండు కిలోల లోపే. విడివిడిగా పెరిగినవాళ్ళలో అది నాలుగున్నర కిలోలు, అంటే రెండండాల కవలల మధ్య ఉన్నంత. ఏ ఇంట్లో పెరిగారో ఒంటి మీద కండలో, కొవ్వులో కనిపించింది కానీ ఎముక పొడవులో దాదాపు కనిపించలేదు.

పందొమ్మిది జంటలు తక్కువే, నిజం. పైగా ఆ ఇళ్ళన్నీ అమెరికా ఇళ్ళు. ఒక ఇంట్లో పిల్ల రోజూ పస్తులుండి ఇంకో ఇంట్లో పిల్ల పాలూ గుడ్లూ తిన్న జంటలు కావవి. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోవాలి, కథ మలుపు తిరిగేది అక్కడే. ఆ తర్వాత 1979 నుంచి మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో థామస్ బుషార్డ్ బృందం, విడిపోయి పెరిగిన కవలలను ఇంకా పెద్ద ఎత్తున వెతికి పట్టుకుని కొలిచింది. వాళ్ళకూ ఇంచుమించు ఇదే జవాబు వచ్చింది.

విడిపోయిన కవలలు అరుదు కాబట్టి పరిశోధకులు ఎక్కువగా కలిసి పెరిగిన కవలల మీదే ఆధారపడతారు. ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. ఒకే అండపు కవలల జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. రెండండాల కవలలకు, మామూలు తోబుట్టువుల్లాగే, మనుషుల్లో తేడా ఉండే జన్యువుల్లో సగటున సగం కలుస్తాయి. రెండు రకాల జంటలూ ఒకే గర్భంలో, ఒకే ఇంట్లో, ఒకే కాలంలో పెరిగినవే. కాబట్టి మొదటి రకం జంటల్లో పోలిక ఎంత ఎక్కువగా ఉందో చూస్తే, ఆ ఎక్కువ అంతా అదనంగా కలిసిన సగం జన్యువుల వల్లనే అనుకోవచ్చు.

అంకెలు వేసి చూద్దాం. పోలికను సున్నా నుంచి ఒకటి దాకా కొలుస్తారు. పెద్దవాళ్ళ ఎత్తులో ఒకే అండపు కవలలకు సుమారు 0.9, రెండండాల కవలలకు సుమారు 0.5 వస్తుంది. రెండింటి మధ్య తేడా 0.4. ఇది సగం జన్యువుల పని కాబట్టి మొత్తం జన్యువుల వాటా దానికి రెట్టింపు, 0.8. ఒకే అండపు కవలల పోలిక 0.9లో ఈ 0.8 తీసేస్తే మిగిలిన 0.1, ఇద్దరూ పంచుకున్న ఇంటి వాతావరణానిది. ఇక 0.9 నుంచి 1 దాకా ఉన్న వెలితి, ఇద్దరిలో ఒకరికే తగిలిన జబ్బూ, గర్భంలో ఒకరికే తగ్గిన రక్తం, కొలతలో వచ్చిన పొరపాటు లాంటివాటిది. ఎత్తులో నూటికి ఎనభై వంతులు వారసత్వమే అని పేపర్లలో చదివే మాట పుట్టింది ఇక్కడి నుంచే. 1886 నుంచి 1994 దాకా పుట్టిన 1,43,390 కవల జంటల కొలతలు కలిపి 2016లో లెక్కకట్టినప్పుడు, కాలాన్ని బట్టి మగవాళ్ళలో ఇది 69 నుంచి 84 శాతం, ఆడవాళ్ళలో 53 నుంచి 78 శాతం మధ్య తేలింది.

ఈ ఎనభై శాతాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. 170 సెంటీమీటర్ల మనిషిలో 136 జన్యువులు కట్టినవి, 34 అన్నం కట్టినవి అని కాదు. ఒక మనిషి ఎత్తును అలా ముక్కలు చేయడం కుదరదు. అన్నం లేకపోతే జన్యువులు ఒక్క సెంటీమీటరు కూడా కట్టలేవు. జన్యువులు లేకపోతే అన్నం తినే మనిషే లేడు. ఈ శాతం చెప్పేది మనుషుల మధ్య తేడాల గురించి. ఒక కాలంలో, ఒక సమాజంలో, కొందరు పొడుగ్గా కొందరు పొట్టిగా ఉన్నారంటే ఆ హెచ్చుతగ్గుల్లో ఎంత భాగం జన్యువుల్లోని తేడాలతో ముడిపడి ఉందన్నదే దాని అర్థం. కాలమో సమాజమో మారితే అంకె మారవచ్చు. అంకె మారకుండా జనం ఎత్తు మొత్తంగా మారిపోనూవచ్చు. దాని దగ్గరికి వస్తాను. ముందు ఆ జన్యువులు ఎక్కడున్నాయో చూద్దాం.

మెండెల్ బఠానీ మొక్కల్లో పొడుగూ పొట్టీ ఒక్క జన్యువుతో తేలిపోయాయి. మధ్యరకం లేదు. మనుషుల్లో అన్నీ మధ్యరకాలే. ఈ రెండూ ఎలా పొసుగుతాయని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గట్టి వాదాలు జరిగాయి. 1918లో ఆర్.ఎ. ఫిషర్ అనే ఆంగ్ల గణాంకవేత్త చిక్కు విప్పాడు. ఒక్క జన్యువు కాకుండా చాలా జన్యువులు, ఒక్కోటి మెండెల్ చెప్పినట్టే నడుచుకుంటూ, తలా కొంచెం కలిపితే మొత్తం మీద సరిగ్గా మనం చూసే తీరే వస్తుందని చూపించాడు. ఎక్కువమంది మధ్యలో, కొద్దిమంది అటూ ఇటూ. అప్పటికి అది కాగితం మీది లెక్కే. ఒక్క జన్యువునైనా చూపించమంటే చూపించడానికి ఇంకో ఎనభై తొమ్మిదేళ్ళు పట్టింది.

2007లో హెచ్ఎంజీఏ2 అనే జన్యువు దగ్గర డీఎన్ఏలో ఒకే ఒక అక్షరం తేడా దొరికింది. ఆ అక్షరం ఒక రకంగా ఉన్న ప్రతి ప్రతికి మనిషి సుమారు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ పెరుగుతాడు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ అలాగే వస్తే ఎనిమిది మిల్లీమీటర్లు. అందరిలో సాధారణంగా కనిపించే తేడాల్లో ఇది బలమైన వాటిలో ఒకటి! మిగతావి ఇంకా చిన్నవి, చాలావాటి ప్రభావం మిల్లీమీటరు ప్రాంతంలోనే. వాటిని పట్టాలంటే లక్షల మందిని కొలవాలి. 2010కి 180 చోట్లు దొరికాయి. 2014కి దాదాపు 700 తేడాలు. 2022లో ప్రపంచవ్యాప్తంగా 54 లక్షల మంది డీఎన్ఏను పోల్చి చూసిన బృందం, లోయిక్ యెంగో, పీటర్ విషర్, జోయెల్ హిర్షోర్న్ తదితరులు, 12,111 తేడాలను లెక్క తేల్చింది.

పన్నెండు వేలంటే పన్నెండు వేల జన్యువులు అనుకోకూడదు. ఇవి డీఎన్ఏ మీద చోట్లు. ఒకే జన్యువు చుట్టూ పది చోట్లు ఉండవచ్చు. ఇవి డీఎన్ఏ అంతటా సమంగా చల్లినట్టు లేవు, మొత్తంలో ఐదో వంతులో గుంపులు కట్టి ఉన్నాయి. ఆ గుంపులు చాలావరకు ఎముక ఎదుగుదలతో సంబంధం ఉందని డాక్టర్లకు ముందే తెలిసిన జన్యువుల దగ్గరే ఉన్నాయి. పిల్లల కాళ్ళూ చేతుల పొడవాటి ఎముకల చివర మృదులాస్థి పట్టీ ఒకటి ఉంటుంది, గ్రోత్ ప్లేట్ అంటారు. అందులో కణాలు ఒకదాని మీద ఒకటి దొంతరలుగా పేరుకుని, విడిపోయి పెరిగి, ఉబ్బి, చివరికి గట్టిపడి ఎముకగా మారతాయి. ఎముక పొడవు పెరగడమంటే ఇదే. ఆ కణాలు ఎంత వేగంగా విడిపోవాలి, ఎంత ఉబ్బాలి, ఎప్పుడు ఆగాలి అన్నదాంట్లో వందల జన్యువులకు తలా ఒక చెయ్యి ఉంది. యుక్తవయసులో పెరిగే ఈస్ట్రోజన్, ఆడపిల్లల్లోనే కాదు మగపిల్లల్లోనూ, ఈ పట్టీని మూసేస్తుంది. మూసుకున్నాక ఏ పొడి పాలలో కలుపుకు తాగినా, ఎంతసేపు కడ్డీ పట్టుకు వేలాడినా కాళ్ళ ఎముకలు పెరగవు.

ఒక్క జన్యువు మొత్తం కథను మార్చే సందర్భాలూ ఉన్నాయి. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే జన్యువు గ్రోత్ ప్లేట్‌కు బ్రేకు వేస్తుంది. అందులో ఒక ప్రత్యేకమైన మార్పు వస్తే ఆ బ్రేకు విడవకుండా పడిపోతుంది. మరుగుజ్జుతనాల్లో ఎక్కువగా కనిపించే అకాండ్రోప్లేసియాకు కారణం అదే. కానీ ఇవి అరుదు. బస్టాండులో నిలబడి చూస్తే కనిపించే పొడుగూ పొట్టీ దాదాపు అంతా మిల్లీమీటర్ల కూడికలే. ఒకే తల్లికి పుట్టిన ఇద్దరు కొడుకుల్లో ఒకడు తాడిలా, ఇంకొకడు బుడుంగులా ఎందుకుంటారో కూడా దీంతోనే అర్థమవుతుంది. తల్లీ తండ్రీ తమ దగ్గరున్న రెండేసి ప్రతుల్లో ఒక్కోటే ఇస్తారు. ఏది వస్తుందన్నది ప్రతి బిడ్డకూ కొత్త పందెం.

ఈ పందెంలోంచే, కవలలు అవసరం లేని ఒక పరీక్ష కూడా పుట్టింది. కవలల లెక్క మీద పాత ఆక్షేపణ ఒకటుంది. అచ్చుగుద్దినట్టుండే పిల్లలను అందరూ ఒకేలా పెంచుతారు, ఒకేలా తినిపిస్తారు, పోలిక అందువల్లే ఎక్కువేమో అని. 2006లో విషర్ బృందం మామూలు తోబుట్టువుల 3,375 జంటలను తీసుకుంది. తోబుట్టువులకు సగం జన్యువులు కలుస్తాయన్నది సగటు మాట. నిజానికి ఆ జంటల్లో అది 37 శాతం నుంచి 62 శాతం దాకా ఉంది. ఎవరికి ఎంత కలిసిందో వాళ్ళకూ తెలియదు, వాళ్ళ అమ్మానాన్నలకూ తెలియదు. కాబట్టి పెంపకంలో పక్షపాతం దూరే దారి లేదు. ఎక్కువ కలిసిన జంటల ఎత్తులు అంత దగ్గరగా ఉన్నాయా అని చూశారు. జవాబు మళ్ళీ ఎనభై శాతమే. నాకు కవలల లెక్కల మీద నమ్మకం కుదిరింది ఈ పరీక్ష గురించి చదివాకే.

మరి డీఎన్ఏ చూసి ఒక పిల్లాడి ఎత్తు చెప్పేయవచ్చా? 2022 నాటి పన్నెండు వేల తేడాలన్నీ కలిపినా, ఐరోపా మూలాలవారిలో హెచ్చుతగ్గుల్లో 40 శాతమే వివరించగలుగుతున్నాయి. మిగతా ప్రాంతాలవారిలో, మనతో సహా, 10 నుంచి 20 శాతం. ఎందుకంటే కొలిచినవాళ్ళలో ఎక్కువమంది ఐరోపా మూలాలవాళ్ళే. ఒక జనంలో ఆనవాళ్ళుగా దొరికిన చోట్లు ఇంకో జనంలో అంత బాగా పనిచేయవు. 40 శాతం అంటే ఎంతో అనిపిస్తుంది కానీ, సెంటీమీటర్లలోకి మార్చి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఆ లెక్కతో చెప్పిన ఎత్తుకు అటూ ఇటూ పదకొండు సెంటీమీటర్ల దాకా తప్పు పోవచ్చు. మన పిల్లల విషయంలో ఇంకా ఎక్కువ. డీఎన్ఏ పరీక్షతో ఎత్తు చెబుతామనే ప్రకటనలు చూసి డబ్బు పెట్టేవాళ్ళు ఇది తెలుసుకుంటే మంచిది. అమ్మానాన్నల ఎత్తు కొలిచే టేపు దానికంటే నయం.

ఇప్పుడు మలుపు దగ్గరికి. దక్షిణ కొరియాలో 1896లో పుట్టిన ఆడవాళ్ళు పెద్దయ్యాక ఎంత ఎత్తున్నారో, 1996లో పుట్టినవాళ్ళు ఎంతున్నారో ప్రపంచ దేశాల కొలతలన్నీ కలిపిన ఒక పెద్ద అధ్యయనం 2016లో పోల్చింది. పెరుగుదల 20 సెంటీమీటర్లకు పైనే. నాలుగైదు తరాల్లో ఒక జనం జన్యువులు అంతగా మారవు. మారింది తిండి, నీళ్ళు, జబ్బులు, కాన్పులు. హెచ్ఎంజీఏ2 రెండు ప్రతులూ కలిసి ఇచ్చేది ఎనిమిది మిల్లీమీటర్లని గుర్తుంచుకుని ఈ ఇరవై సెంటీమీటర్లను చూడండి.

ఎనభై శాతం వారసత్వమన్న మాటకూ దీనికీ వైరుధ్యం లేదు. ఒక తరం మొత్తానికి తిండి ఒకేలా మెరుగుపడితే అందరూ కలిసి పైకి జరుగుతారు. వరసలో ఎవరి తర్వాత ఎవరు అన్నది మాత్రం జన్యువులే ఎక్కువగా నిర్ణయిస్తూ ఉంటాయి. కవలల లెక్క చూసేది వరసను. వరస మొత్తం ఎంత పైన ఉందో అది చూడలేదు, ఎందుకంటే ఒక జంటలోని కవలలిద్దరూ ఎప్పుడూ ఒకే కాలంలో, దాదాపు ఎప్పుడూ ఒకే దేశంలో పెరుగుతారు. షికాగో కవలల్లో విడిపోయినవాళ్ళకు ఒక్క మిల్లీమీటరే తేడా రావడానికి కారణం కూడా ఇదే. వాళ్ళు విడిపోయింది ఇళ్ళు మారి, కడుపు నిండే స్థితి మారి కాదు. అదే గ్వాటెమాలా మాయా జాతి పిల్లలను అమెరికాకు వలసపోయిన మాయా కుటుంబాల పిల్లలతో మానవ శాస్త్రవేత్త బారీ బోగిన్ పోల్చినప్పుడు, వలస వెళ్ళినవాళ్ళ పిల్లలు ఒక్క తరంలో పది సెంటీమీటర్లకు పైగా పొడుగున్నారు. ఆ పొడుగులో సగానికి పైగా కాళ్ళలో పెరిగిందే.

ఇలాంటి పరీక్ష మన దగ్గరా జరిగింది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో. ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీల పథకం, అప్పుడే ఊరూరా విస్తరిస్తోంది. పథకం వచ్చిన 15 ఊళ్ళలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ళలోపు పిల్లలకు రోజూ మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా పెట్టారు. ఇంకా పథకం రాని 14 ఊళ్ళతో పోల్చారు. పదిహేనేళ్ళ తర్వాత సంజయ్ కిన్రా, జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కలిసి మళ్ళీ వెళ్ళి, అప్పటికి 13 నుంచి 18 ఏళ్ళకు ఎదిగిన ఆ పిల్లలను కొలిచారు. ఉప్మా పెట్టిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. ఊళ్ళను లాటరీ వేసి విడగొట్టలేదు కాబట్టి ఈ అంకెను మరీ ఖచ్చితంగా తీసుకోకూడదు. దాని చుట్టూ 4 నుంచి 23 మిల్లీమీటర్ల అనుమానపు పరిధి కూడా ఉంది. అయినా ఆ ఉప్మా ఇచ్చిన ఎత్తు, హెచ్ఎంజీఏ2 రెండు ప్రతులూ కలిసి ఇచ్చేదానికి సగటున తక్కువేం కాదు.

గర్భిణికీ, పసిబిడ్డకీ పెట్టడంలో ఉన్న విశేషం కూడా కవలల కొలతల్లోనే కనిపిస్తుంది. అమెరికాలోని లూయీవిల్‌లో రొనాల్డ్ విల్సన్ కవలలను పుట్టినప్పటి నుంచి ఏళ్ళ తరబడి కొలుస్తూ వచ్చాడు. పుట్టినరోజున ఒకే అండపు కవలల పొడవుల్లో పోలిక, రెండండాల కవలల్లో కంటే తక్కువగా ఉంది! ఒకే మాయను పంచుకునే జంటల్లో ఒకరికి రక్తం ఎక్కువ, ఒకరికి తక్కువ అందడం మామూలే. ఏడాది, రెండేళ్ళు గడిచేసరికి వెనకబడ్డవాడు పుంజుకుని జతగాడి దారిలోకి వస్తాడు. రెండండాల కవలలు అదే కాలంలో మెల్లగా ఎవరి దారి వాళ్ళు పడతారు. తిండి ఉంటే శరీరం పోయిన ఎత్తును ఇలా తిరిగి రాబట్టుకుంటుంది. లేకపోతే ఆ వెలితి చాలామందిలో అలాగే మిగిలిపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 33 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు.

ఒకే ఇంట్లో కూడా వాతావరణం అందరికీ ఒకటి కాదు. సీమా జయచంద్రన్, రోహిణి పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు భారత్, ఆఫ్రికా పిల్లల ఎత్తులను పోల్చి చూశారు. మన దేశంలో మొదటి కాన్పు పిల్లలు ఆఫ్రికా పిల్లలకు తీసిపోలేదు. వెలితి రెండో బిడ్డతో మొదలై, ఆ తర్వాతివాళ్ళలో పెరిగింది. పెద్దకొడుకు మీది మక్కువ దీనికి ఒక ముఖ్య కారణమని వాళ్ళ వాదన.

పిల్లల డాక్టర్లు వాడే చిన్న లెక్క ఒకటుంది. అమ్మానాన్నల ఎత్తులు కలిపి, కొడుకైతే 13 సెంటీమీటర్లు కూడి, కూతురైతే 13 తీసేసి, సగం చేస్తారు. తండ్రి 168, తల్లి 154 అయితే కొడుకుకు 167.5, కూతురికి 154.5. దానికి అటూ ఇటూ ఎనిమిదిన్నర సెంటీమీటర్ల దాకా మామూలే. ఈ లెక్కలో, అమ్మానాన్నలు తమ జన్యువులు ఇవ్వగలిగినంత ఎత్తూ ఎదిగారన్న నమ్మకం దాగి ఉంది. కరువు ఏళ్ళలో, చాలీచాలని తిండితో పెరిగిన తల్లిదండ్రుల విషయంలో ఇది తప్పుతుంది, పిల్లలు లెక్క దాటి పోతారు. అందుకే డాక్టరు ఆ ఒక్క అంకెనే నమ్ముకోడు. ఆరు నెలలకోసారి కొలిచి, ఎదుగుదల గీత మీద బిడ్డ తన దారిలోనే వెళుతోందా లేదా చూస్తాడు. నాలుగేళ్ళు దాటి, ఇంకా యుక్తవయసు రాని పిల్ల ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు కూడా పెరగకపోతే, లేదా ఉన్న గీత నుంచి కిందికి జారుతూ పోతే, అమ్మ పొట్టి కదా అని సరిపెట్టుకోకుండా ఎడమచేతి మణికట్టు ఎక్స్-రే తీయిస్తాడు. గ్రోత్ ప్లేట్లు ఇంకా తెరిచి ఉన్నాయా, ఎముకల వయసు పిల్ల వయసుకు సరిపోతుందా అన్నది అందులో తెలుస్తుంది. తోడుగా థైరాయిడ్, రక్తహీనత, పేగు జబ్బుల పరీక్షలు చేయిస్తాడు. వీటిలో చాలావాటికి మందుంది, పట్టీలు మూసుకోకముందు పట్టుకుంటే.